రెండేళ్ల పిల్లలకు మళ్లీ మళ్లీ విరేచనాలా? సబ్బు, నీళ్లు, కడుపులో పురుగుల మందు: ఇంట్లో ఏది ఎక్కడ, ఎలా చేయాలి

ఏడాది దాటి, నడక వచ్చి, దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసులో కొందరు పిల్లలకు నెలకో, రెండు నెలలకో ఒకసారి విరేచనాలు పట్టుకుంటాయి. తగ్గి, బిడ్డ కాస్త కోలుకుని అన్నం తినడం మొదలుపెట్టేసరికి మళ్లీ వస్తాయి. అప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. మందుల షాపు నుంచి సిరప్ వస్తుంది, మినరల్ వాటర్ క్యాన్ వస్తుంది, ఎవరో చెప్పారని కడుపులో పురుగులకు మందు కూడా పడుతుంది. మూడూ చేశాక కూడా తగ్గకపోతే టెన్షన్ మొదలవుతుంది.

ఈ మూడింటిలో ఒక్కొక్కటి ఆపేది ఒక్కొక్క దాన్నే. క్యాన్ నీళ్లు క్యాన్‌లో ఉన్నంతవరకే శుభ్రం. పురుగుల మందు ఆ రోజు కడుపులో ఉన్న పురుగుల్ని చంపుతుంది, రేపు నోట్లోకి వెళ్లే గుడ్లను ఆపదు. ఒకరి మలంలోని క్రిములు, పురుగు గుడ్లు బిడ్డ నోటి దాకా వచ్చే దారి ఇంట్లోనే ఉంటుంది. ఆ దారి ఎక్కడెక్కడ నుంచి పోతోందో చూసి తెంపితేనే ఫలితం ఉంటుంది. ఈ వ్యాసమంతా ఆ పని ఎలా చేయాలన్నదే.

అర్థం కావడానికి ఒక ఇల్లు అనుకుందాం. కృష్ణా జిల్లాలో ఒక పల్లె. అమ్మ, నాన్న, నానమ్మ, అయిదేళ్ల అక్క, ఇరవై నెలల బాబు. తాగడానికి ఊళ్లోని ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చుకుంటారు, మిగతా వాడకానికి పంచాయతీ కుళాయి. మరుగుదొడ్డి ఉంది. బాబుకు నాలుగు నెలల్లో మూడుసార్లు విరేచనాలు. "తాగించేది మినరల్ వాటరే కదా, ఇంకా ఎందుకు వస్తున్నాయి?" అన్నది అమ్మ ప్రశ్న.

ముందు ఒక రోజంతా గమనించండి

ఏదీ మార్చకముందు ఒక రోజు రెండు విషయాలు మాత్రమే చూడండి. బాబు మలం ఎక్కడికి వెళ్తోంది? బాబు నోట్లోకి వెళ్లే ప్రతిదాన్నీ అంతకుముందు ఎవరి చేయి తాకింది?

మన ఉదాహరణలోని ఇంట్లో ఆ రోజు కనిపించేవి ఇవి. పొద్దున బాబు పెరట్లో దొడ్డికి కూర్చున్నాడు. నానమ్మ కుళాయి దగ్గర ఎడమ చేత్తో కడిగింది, అదే చేత్తో మగ్గు పట్టుకుంది, కుళాయి తిప్పింది, చేతులు నీళ్లతో కడుక్కుని చీర కొంగుకు తుడుచుకుంది. మలం మీద కాస్త మట్టి వేసి గోడ పక్కకు నెట్టేసింది. కాసేపటికి అమ్మ అదే మగ్గుతో గిన్నెలు కడిగింది. సబ్బు ఉన్నది స్నానాల గదిలో. క్యాన్ నీళ్లు వంటింట్లో బిందెలోకి వంపుతారు. అక్క బడి నుంచి వచ్చి గ్లాసు ముంచుకుని తాగింది, వేళ్లు రెండు కణుపుల దాకా నీళ్లలో మునిగాయి. సాయంత్రం బాబుకు తాగించింది ఆ బిందెలోని నీళ్లే.

కొన్నదేమో మంచి నీళ్లే. అవి బిందెలోకి వచ్చాక చెడ్డాయి. ఇది చాలా ఇళ్లలో జరిగేదే కాబట్టి, ఎవరి మీదా నెపం వేయకుండా చూడండి. నానమ్మను తప్పుపడితే రేపటి నుంచి ఆమె మీ ముందు ఒకలా, మీరు లేనప్పుడు ఒకలా చేస్తుంది.

చంటిపిల్లల మలం దగ్గర మొదలుపెట్టాలి

"పసిబిడ్డదే కదా" అని పిల్లల మలాన్ని పెద్దగా పట్టించుకోకపోవడం మనలో ఎక్కువ. నిజానికి విరేచనాలు ఎక్కువగా వచ్చేది ఈ వయసు పిల్లలకే కాబట్టి, వాళ్ల మలంలోనే ఆ క్రిములు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పైగా పెరట్లో వేసిన మలం, అక్కడే ఆడుకునే పిల్లల చేతికి అందేంత దూరంలో ఉంటుంది.

బాబును ప్లాస్టిక్ పాటీ మీద గానీ, పరిచిన పాత కాగితం మీద గానీ కూర్చోబెట్టండి. మలాన్ని వెంటనే మరుగుదొడ్డిలో వేసి నీళ్లు పోయండి. పాటీ కడిగిన నీళ్లు కూడా మరుగుదొడ్డిలోకే పోవాలి, పెరట్లో మొక్కలకు కాదు. డైపర్ వాడితే ముందు మలాన్ని మరుగుదొడ్డిలోకి జారవిడిచి, తర్వాత డైపర్‌ను గట్టిగా చుట్టి చెత్తలో వేయండి. విప్పి గోడ మీద పెట్టిన డైపర్ మీద వాలిన ఈగలే తర్వాత అన్నం గిన్నె మీద వాలతాయి.

కడిగేటప్పుడు ఒక చిన్న పద్ధతి చాలా పని చేస్తుంది. కడగడం మొదలుపెట్టకముందే మగ్గులో నీళ్లు నింపి, సబ్బు పక్కన పెట్టుకోండి. కుడి చేత్తో మాత్రమే నీళ్లు పోసి, ఎడమ చేత్తో మాత్రమే కడగండి. అయ్యాక ఎడమ చెయ్యి దేన్నీ తాకకుండా నేరుగా సబ్బు మీదికి వెళ్లాలి. ఇంట్లో ఇంకొకరు ఉంటే వాళ్లను నీళ్లు పొయ్యమనండి, ఇంకా సులువు. పిల్లల్ని కడిగే మగ్గు మరుగుదొడ్డి దగ్గరే ఉండాలి, గిన్నెలు తోమే చోటికి రాకూడదు. రెండు వేర్వేరు రంగుల మగ్గులు కొనుక్కుంటే ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు.

బాబు చేతులు కూడా కడగడం మరిచిపోకండి. కడిగేటప్పుడు వాళ్ల చెయ్యి వెనక్కి వెళ్తూనే ఉంటుంది.

చేతులు: ఎప్పుడు, ఎలా, ఏ సబ్బుతో

రోజంతా చేతులు కడుగుతూ ఉండమంటే ఎవరూ చేయలేరు, అందుకే చాలా ఇళ్లలో ఇది మూడో రోజుకే ఆగిపోతుంది. ఈ నాలుగు సందర్భాలు పట్టుకుంటే చాలు: మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, బిడ్డను కడిగాక, వంట మొదలుపెట్టే ముందు, బిడ్డకు అన్నం కలిపే ముందు. మన ఇళ్లలో ఎక్కువగా తప్పిపోయేది చివరిదే. మనం ముద్దలు కలిపి చేత్తో పెడతాం, గోళ్ల కిందా ఉంగరం కిందా ఉన్నదంతా నేరుగా ముద్దలోకి వెళ్తుంది. అన్నం కలపబోయే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం అనే ఒక్క అలవాటైనా పడితే బాగుంటుంది.

సబ్బు రాసి ఇరవై సెకన్లు రుద్దాలి. అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు, రెండు బొటనవేళ్లు, చివరగా వేళ్ల కొసల్ని అరచేతిలో గీకినట్టు రుద్దితే గోళ్ల లోపల శుభ్రమవుతుంది. పారే నీళ్ల కింద కడగాలి. పళ్లెంలో నీళ్లు పోసి అందరూ అందులోనే చేతులు ముంచితే మొదటివారి మురికి చివరివారికి అంటుకుంటుంది. కడిగాక కొంగుకో, వంటింటి మసిగుడ్డకో తుడుచుకోవద్దు. విదిలించి గాలికి ఆరనిస్తే సరిపోతుంది.

బాబు చేతులు కడిగించేటప్పుడు చిన్న పీట మీద నిలబెట్టి, మీరు వెనక నిలబడి, మీ చేతుల మధ్యలో అతని చేతులు పెట్టి రుద్దండి. ఒకటి నుంచి ఇరవై దాకా నెమ్మదిగా లెక్కపెడితే సమయం సరిపోతుంది. ఈ వయసులో తనంతట తాను సరిగ్గా కడుక్కోలేడు. నీళ్లతో ఆడుకుని వచ్చేస్తాడు, మనం కడుక్కున్నాడని అనుకుంటాం.

సబ్బు ఏదైనా ఒకటే. పాకిస్తాన్‌లోని కరాచీ మురికివాడల్లో జరిగి 2005లో ప్రచురితమైన అధ్యయనం ఒకటి ఉంది. సబ్బు ఇచ్చి, చేతులు కడగడం నేర్పిన ఇళ్లలో అయిదేళ్లలోపు పిల్లలకు న్యుమోనియా సగానికి తగ్గింది, పిల్లల్లో విరేచనాలు కూడా సగం దాకా తగ్గాయి. కొన్ని ఇళ్లకు మామూలు సబ్బు, కొన్నిటికి యాంటీ బ్యాక్టీరియల్ సబ్బు ఇచ్చారు. రెండింటి ఫలితంలో తేడా లేదు. ఎక్కువ ధర పెట్టి ఒక సబ్బు కొనే బదులు మామూలువి రెండు కొని రెండు చోట్ల పెట్టడం నయం: ఒకటి మరుగుదొడ్డి దగ్గర, ఒకటి వంటింటి దగ్గర. లేచి స్నానాల గదికి వెళ్లాలంటే ఎవరూ వెళ్లరు. సబ్బును కాకి ఎత్తుకుపోతుందనో, కరిగిపోతుందనో అనిపిస్తే వల సంచిలో వేసి కట్టండి. అది కుదరకపోతే ఒకటిన్నర లీటర్ల సీసాలో ముప్పై గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, మూతకు చిన్న రంధ్రం పెట్టుకోండి. ఆ సబ్బునీళ్లు చాలా రోజులు వస్తాయి.

కుళాయి లేని చోట ఖాళీ అయిదు లీటర్ల నూనె డబ్బాకు అడుగున చిన్న రంధ్రం చేసి పుల్ల బిగించి, నీళ్లు నింపి గుంజకు కట్టండి. పుల్ల తీస్తే సన్నటి ధార వస్తుంది, మగ్గు ముట్టుకునే పని ఉండదు.

శానిటైజర్ గురించి కూడా అడుగుతుంటారు. ప్రయాణంలో కొంత ఉపయోగమే కానీ, మట్టి, జిడ్డు అంటిన చేతుల మీద సరిగ్గా పని చేయదు, పురుగు గుడ్లను చంపదు. చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు దాన్ని అందనివ్వకూడదు.

నీళ్లు: ఎక్కడ చెడుతున్నాయో ముందు తెలుసుకోండి

నీళ్ల విషయంలో డబ్బు ఎక్కువ ఖర్చయ్యేది కొనడం దగ్గర, నీళ్లు ఎక్కువగా చెడేది దాచుకోవడం దగ్గర. ఈ రెంటి మధ్య తేడా కళ్లారా చూడాలంటే ఒక తేలికైన పరీక్ష ఉంది. దాన్ని హెచ్‌టూఎస్ సీసా పరీక్ష అంటారు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో గానీ, పంచాయతీకి ఇచ్చిన నీటి పరీక్ష కిట్‌లో గానీ దొరుకుతుంది. చిన్న సీసాలో మందు ఉంటుంది, గుర్తు దాకా నీళ్లు పోసి మూత పెట్టి గది వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచాలి. నీళ్లు నల్లబడితే అందులో మల కాలుష్యం ఉండే అవకాశం ఎక్కువ.

ఒక్క సీసా కాదు, రెండు తీసుకోండి. ఒకటి కుళాయి లేదా కొత్తగా విప్పిన క్యాన్ నుంచి, ఇంకొకటి సాయంత్రం బిందె అడుగు నుంచి. రెండూ నల్లబడకపోతే నీళ్ల బెడద తక్కువే, చేతుల మీద దృష్టి పెట్టండి. రెండూ నల్లబడితే మూలంలోనే తప్పుంది, పంచాయతీకి చెప్పాలి, అప్పటిదాకా మరిగించాలి. మొదటిది నల్లబడకుండా రెండోది నల్లబడితే బిందె, గ్లాసు, వేళ్లు మార్చుకోవాలి. మన ఉదాహరణలోని ఇంట్లో వచ్చేది ఈ మూడో ఫలితమే. నల్లబడిన సీసాలో కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి, కాసేపు ఆగి మరుగుదొడ్డిలో పారబోయండి. పిల్లలకు అందనివ్వకండి.

ప్లాంటు నీళ్లు ఎందుకు అంత తొందరగా చెడతాయంటే, ఆర్‌ఓ యంత్రం నీళ్లలోని క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది. పంచాయతీ కుళాయి నీళ్లలో సరిగ్గా క్లోరిన్ కలిపి ఉంటే, కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలన్నది మన దేశపు తాగునీటి ప్రమాణం. ఆ కొంచెమే, ఇంటికి వచ్చాక ఒక వేలు మునిగినా కొంతవరకు కాపాడుతుంది. ఆర్‌ఓ నీళ్లకు ఆ కాపలా ఉండదు. పైగా క్యాన్‌ను ప్లాంటు దగ్గర ఎలా కడుగుతున్నారో మనకు కనిపించదు. క్యాన్ లోపల చెయ్యి తడిమితే జారుడుగా ఉంటే, పచ్చగా చారలుంటే ఆ క్యాన్ మార్చమనండి.

ఇంటిల్లిపాదికీ నీళ్లు మరిగించాలంటే గ్యాస్ ఖర్చుకు భయపడి రెండు రోజులకే మానేస్తారు. బాబుకు మాత్రమే మరిగించండి. ఈ వయసు బిడ్డకు తాగడానికి, పాలపొడికి, మందు కలపడానికి రోజుకు రెండు లీటర్లు ధారాళంగా సరిపోతాయి. నీళ్లు మురికిగా ఉంటే ముందు నాలుగు మడతల శుభ్రమైన నూలు బట్టతో వడగట్టి, తేరనివ్వండి. పటిక తిప్పినా, పాతకాలంలోలా చిల్లగింజ అరగదీసి కలిపినా మురికి అడుగుకు దిగుతుందే తప్ప క్రిములు చావవు, కాబట్టి ఆ తర్వాత కూడా మరిగించాలి.

గిన్నె అంచున చిన్న బుడగలు రావడం, ఆవిరి లేవడం సరిపోదు. అడుగు నుంచి పెద్ద బుడగలు లేచి నీళ్లన్నీ తెర్లాలి, ఆ తర్వాత ఒక నిమిషం ఉంచాలి. అంతకన్నా ఎక్కువసేపు మరిగించడం వల్ల గ్యాస్ ఖర్చే తప్ప లాభం లేదు. తర్వాత జరిగే తప్పే ముఖ్యమైనది: మరిగిన నీళ్లను చల్లారబెట్టడానికి వేరే గిన్నెలోకి, అక్కడి నుంచి సీసాలోకి వంపుతారు. మరిగించిన గిన్నెలోనే మూతపెట్టి చల్లారనివ్వండి. అందులో నుంచే నేరుగా బాబు గ్లాసులోకి వంపండి. పొద్దున మరిగించినవి మర్నాడు పొద్దునకు అయిపోవాలి, మిగిలితే వంటకు వాడుకోండి.

మరిగించడం కుదరని రోజుల్లో, ముఖ్యంగా వరదలప్పుడు, క్లోరిన్ బిళ్లలు అక్కరకు వస్తాయి. ఆశా కార్యకర్త దగ్గరా ఆరోగ్య కేంద్రంలోనూ అడగండి. ఒక బిళ్ల ఎన్ని లీటర్లకో దాని ప్యాకెట్ మీద ఉంటుంది, బిళ్లల బలం వేర్వేరుగా ఉంటుంది కాబట్టి అది చదివే వేయాలి. తేటనీళ్లలో వేసి కలిపి అరగంట ఆగాలి. బురదనీళ్లలో క్లోరిన్ మురికికే ఖర్చయిపోతుంది. కొంచెం క్లోరిన్ వాసన వస్తే భయపడక్కర్లేదు, అది ఇంకా పని చేస్తోందన్నమాట.

బిందె సంగతి. కుళాయి బిగించిన మూత డబ్బా ఉంటే అంతకన్నా మంచిది లేదు. లేకపోతే పొడవాటి పిడి ఉన్న గరిటె ఒకటి బిందెకు కేటాయించి, దాన్ని గోడకు మేకుకు తగిలించండి. బిందె మూత మీద బోర్లిస్తే మూత మీది మురికి గరిటెకు అంటుకుంటుంది. గ్లాసు ముంచడం ఇంట్లో అందరికీ నిషేధం, అతిథులకు కూడా. రోజూ మిగిలిన నీళ్లు పారబోసి బిందె లోపల సబ్బుతో తోమి, ఎండలో బోర్లించండి. లోపలి గోడ జారుడుగా అనిపిస్తే అక్కడ క్రిముల పొర పట్టినట్టే.

మరిగించడం వల్ల కానిదీ ఒకటి ఉంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో కొన్ని ఊళ్లలా నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే, మరిగిస్తే అది పోదు. నీళ్లు ఆవిరై కొంచెం చిక్కబడుతుంది కూడా. అలాంటి చోట ప్లాంటు నీళ్లో, శుద్ధిచేసిన నదీజలాలో వాడుతూనే, వాటిని బిందెలో చెడకుండా చూసుకోవాలి.

పాలసీసా ఇంకా వాడుతుంటే ఇక మానేయండి. రబ్బరు పీకలో అడుగున పాల పొర మిగిలిపోతుంది, మామూలుగా కడిగితే పోదు. ఉగ్గుగిన్నె, చెంచా లేదా చిన్న గ్లాసు చాలు. కలిపిన అన్నం రెండు గంటలు దాటితే, ముఖ్యంగా ఎండాకాలంలో, బాబుకు పెట్టవద్దు.

పురుగుల మందు: ఏ పురుగుకు, ఎంత, ఎలా

పురుగుల మందు విరేచనాలకు మందు కాదు. చిన్నపిల్లల్లో విరేచనాలు ఎక్కువగా వైరస్‌ల వల్ల, బ్యాక్టీరియా వల్ల వస్తాయి, పురుగులకు వేసే ఆల్బెండజోల్ వాటిని తాకదు. దాని పని వేరు. పేగుల్లో చేరిన పురుగులు బిడ్డ తిన్న తిండిలోని సారాన్ని, కొన్ని రక్తాన్ని లాక్కుంటాయి. రక్తం తగ్గి, తిండి వంటపట్టక నీరసపడిన బిడ్డ ప్రతి జబ్బు నుంచీ ఆలస్యంగా తేరుకుంటాడు.

మన దగ్గర ముఖ్యంగా కనిపించేవి ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడాపురుగులు. ఏలికపాములో ఆడది రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు మలంతో నేల మీద పడ్డాక రెండు మూడు వారాలకు గానీ అంటుకునే స్థితికి రావు, ఆ తర్వాత తడి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అంటే ఈ రోజు పెరట్లో పడ్డ మలం, అది కనిపించకుండా పోయిన తర్వాతే ప్రమాదకరమవుతుంది. మట్టి వేసి మూసేయడం ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి తెలుస్తుంది. కొంకిపురుగు పిల్ల నోటితో పని లేకుండా ఒట్టికాళ్ల చర్మంలోంచే లోపలికి దూరుతుంది, దానికి చెప్పులే అడ్డు.

ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీలలో, బడులలో నులిపురుగుల నివారణ దినం జరుపుతారు. 2015లో మొదలైన కార్యక్రమం ఇది. ఒకటి నుంచి పందొమ్మిదేళ్ల వరకు ఉచితంగా మందు వేస్తారు. 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ బిళ్లలో ఏడాది నుంచి రెండేళ్ల లోపు వారికి సగం, రెండేళ్లు నిండినవారికి పూర్తి బిళ్ల. ఏడాది నిండని బిడ్డకు డాక్టరు చెప్పకుండా వేయకూడదు. మన బాబుకు ఇరవై నెలలు, కాబట్టి సగం. ఆరు నెలల తర్వాత వచ్చే విడతకు రెండేళ్లు దాటతాయి, అప్పుడు పూర్తిది. అక్కకు పూర్తి బిళ్ల నమిలించాలి.

మూడేళ్లలోపు పిల్లలకు బిళ్లను ఎప్పుడూ ముక్కగా వేయకూడదు, గొంతులో అడ్డం పడుతుంది. రెండు శుభ్రమైన చెంచాల మధ్య పెట్టి మెత్తగా పొడి చేసి, మరిగించి చల్లార్చిన నీళ్లు కొంచెం కలిపి, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో తాగించండి. ఏడుస్తుంటే ముక్కు మూసి పోయడం, పడుకోబెట్టి పోయడం చేయవద్దు. ఊరుకున్నాక ఇవ్వవచ్చు, ఆ రోజు కాకపోతే వారం తర్వాత మిగిలినవారికి వేసే రోజు ఉంటుంది. పరగడుపున ఉండాల్సిన పని లేదు. జ్వరం, విరేచనాలు ఉన్న రోజు వేయించకండి, తగ్గాక వేయించండి. బిడ్డకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ముందు డాక్టరును అడగాలి. మెదడులో బద్దెపురుగు తిత్తులు ఉంటే ఈ మందుతో ఇబ్బంది రావచ్చు.

పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు మందు వేశాక కడుపు నొప్పి, వికారం, ఒకట్రెండు వాంతులు రావచ్చు. నీడలో పడుకోబెట్టి నీళ్లు తాగిస్తే చాలావరకు కాసేపటికి తగ్గుతుంది. కడుపు ఉబ్బి, నొప్పి తగ్గక, వాంతులు ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. మలంలో పురుగులు కనిపించకపోతే మందు పని చేయలేదని మళ్లీ వేయకండి, చాలాసార్లు కంటికి కనిపించవు. వేసిన తేదీని తల్లీబిడ్డల కార్డు మీద రాయించుకుంటే, పది రోజులకు మందుల షాపులో ఇంకోసారి కొని వేసే పొరపాటు జరగదు.

రాత్రిపూట మలద్వారం దగ్గర దురదతో బిడ్డ ఏడుస్తూ, తెల్లటి సన్నని దారం ముక్కల్లాంటివి కనిపిస్తే అది వేరే రకం, సన్న నులిపురుగు. దీని గుడ్లు కొన్ని గంటల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి. గోళ్లలో, దుప్పట్లలో, లోదుస్తుల్లో చేరి ఇల్లంతా పాకుతాయి. మందు పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపలేదు. అందుకే డాక్టరును అడిగి ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకుని, రెండు వారాల తర్వాత మళ్లీ వేసుకోవాలి. గర్భిణులు డాక్టరు చెబితేనే వేసుకోవాలి. మందు వేసిన మర్నాడు పొద్దున బాబుకు స్నానం చేయించి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతికి, గోళ్లు కత్తిరించండి. ఈ రెండో మోతాదు వదిలేస్తే నెలకల్లా దురద మళ్లీ మొదటికి వస్తుంది.

నిద్రలో పళ్లు కొరకడం పురుగులకు గుర్తు కాదు. బెల్లం, మిఠాయిలు తింటే పురుగులు పుట్టవు. కడుపు కడగాలని ఆముదం పట్టడం మాత్రం ప్రమాదం, చిన్న బిడ్డ ఒంట్లో నీరు త్వరగా పోతుంది.

మళ్లీ విరేచనాలు వస్తే

ఇవన్నీ చేసినా ఒకటి రెండుసార్లు వస్తాయి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. చెంచాడు పొడి గ్లాసుడు నీళ్లలో వేస్తే ఉప్పు ఎక్కువవుతుంది లేదా చాలదు. చిన్న ప్యాకెట్ అయితే దాని మీద రాసినన్ని నీళ్లే పోయాలి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు బిడ్డకు పావు గ్లాసు నుంచి అర గ్లాసు దాకా, చెంచాతో కొంచెం కొంచెం తాగించండి. కలిపినది ఒక రోజు దాటితే పారబోయండి.

దానితోపాటు జింక్. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, పద్నాలుగు రోజులు. మూడో రోజుకు విరేచనాలు ఆగాయని మానేస్తారు. అసలు పద్నాలుగు రోజులూ ఇస్తేనే తర్వాతి రెండు మూడు నెలల్లో విరేచనాలు మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది. మళ్లీ మళ్లీ వస్తున్న బిడ్డకు ఇది ఇంకా అవసరం.

ఫలితం ఎలా తెలుస్తుంది

గోడ క్యాలెండర్ మీద విరేచనాలైన రోజుకు ఒక గుర్తు, జ్వరం దగ్గు ఉన్న రోజుకు వేరే గుర్తు పెట్టండి. వారానికి చూస్తే ఏమీ తెలియదు, మూడు నెలలు చూడాలి. నాలుగు నెలల్లో మూడుసార్లు వచ్చిన బాబుకు తర్వాతి నాలుగు నెలల్లో ఒకసారి వస్తే మీరు చేసినవి పనిచేస్తున్నట్టే. వానాకాలంలో మొదలుపెట్టి చలికాలంతో పోల్చితే మాత్రం లెక్క తప్పుతుంది, విరేచనాలు కాలాన్నిబట్టి కూడా పెరుగుతాయి, తగ్గుతాయి. విరేచనాలు తగ్గి జలుబులు తగ్గకపోతే నిరాశ పడకండి. ఈ వయసులో ఏడాదికి ఆరేడు జలుబులు మామూలే, బడికెళ్లే అక్క ఇంట్లో ఉంటే ఇంకాస్త ఎక్కువే. చేతులు కడగడం వాటిని కొంతవరకే తగ్గిస్తుంది.

నెలకోసారి అంగన్‌వాడీలో బరువు తూయించి కార్డు మీద గీత పెరుగుతోందో లేదో చూడండి. మూడు నెలలైనా ఏ మార్పూ లేకపోతే రెండు నీళ్ల సీసాల పరీక్ష మళ్లీ చేసి, ఒక రోజు గమనించడం మళ్లీ మొదలుపెట్టండి. సాధారణంగా ఎక్కడో ఒక చోట పాత అలవాటు తిరిగి వచ్చి ఉంటుంది, ఎక్కువగా అది బిందెలో గ్లాసే.

కొన్నిటికి ఇంట్లో చేసేవి చాలవు. మలంలో రక్తం, కళ్లు లోతుకు పోవడం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, ఏమీ తాగలేకపోవడం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరేచనాలు రెండు వారాలు దాటినా, రెండు నెలలుగా బరువు పెరగకపోయినా, ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చినా పిల్లల డాక్టరుకు చూపించండి. జియార్డియా లాంటి, కంటికి కనిపించని పేగు పరాన్నజీవులు ఉంటే మల పరీక్షలో తెలుస్తాయి, వాటికి ఒక్క మోతాదు ఆల్బెండజోల్ చాలదు, మందు వేరే ఉంటుంది. వెళ్లేటప్పుడు గుర్తులు పెట్టిన క్యాలెండర్ పేజీలు, బరువు కార్డు, పురుగుల మందు వేసిన తేదీలు, జింక్ ఎన్ని రోజులు ఇచ్చారో రాసుకున్న కాగితం తీసుకెళ్లండి.